చపాట కారం ప్యాకెట్‌కు ధర: రిపోర్టుల "ఎందుకు ఇంత" అన్నది ఎట్ల రాయాలె?

గీసుకొండ_కారం
అందరికి నమస్తే. చపాట మిర్చి కారం యూనిట్‌కు బ్యాంకు లోన్ పెట్టుకున్నం. 250 గ్రాముల ప్యాకెట్, ఎమ్మార్పీ 85. ప్రాజెక్ట్ రిపోర్టుల ధర పేజీ మీద "ఆధారం ఏది?" అని రాసి వాపస్ పంపిన్రు. నేను రాసింది ఇంతే: మిర్చి కిలో 200 కాబట్టి ప్యాకెట్‌కు 50, కూలి, పట్టింపు కలిపి 5.50, ప్యాకింగు 5.50. మొత్తం 61. దానిమీద 40 శాతం వేస్తే 85 అయితది. "మార్కెట్‌కు అనుకూలమైన, నాణ్యతకు తగ్గ ధర" అని ఒక లైను కూడ రాసిన. ఇంకేం రాయాలె?

లెక్కల_మాస్టర్_పరకాల
మీరు చేసింది కరెక్టే అక్కా. ఖర్చు మీద శాతం వేసుడు అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. బ్యాంకుకు అర్థమయ్యేది కూడ అదే. పట్టిక గీసి పెట్టండి, చాలు. 40 శాతం లాభం ఉన్నది కాబట్టి వాళ్లకు అభ్యంతరం ఉండొద్దు.

ఓరుగల్లు_డీపీఆర్
మాస్టరుగారూ, పద్ధతిలో తప్పు లేదు, లెక్కలోనే మూడు చోట్ల కారిపోయింది. అక్కా, ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది, తరుగు. క్వింటాలు మిర్చి కొంటే క్వింటాలు కారం రాదు. తొడిమలు తీస్తే సుమారు 7 కిలోలు, ఎండబెడితే తేమ కింద 3 కిలోలు, పట్టేటప్పుడు, జల్లించేటప్పుడు ఇంకో 2 కిలోలు పోతాయనుకోండి. మిగిలేది 88. అంటే 20,000 పెట్టి కొన్న మిర్చి 88 కిలోల మీద పడుతుంది: కిలో కారానికి 227, ప్యాకెట్‌కు 57 దాకా. మీరు 50 వేశారు. ఈ 12 కిలోల అంకె నేను ఊహించింది, దీన్నే రాయకండి. మీరు ఒక బస్తా తూకం వేసి, తొడిమలు తీశాక ఒకసారి, ఎండాక ఒకసారి, పట్టాక ఒకసారి మళ్లీ తూచి ఆ నాలుగు అంకెలూ రిపోర్టులో పెట్టండి. తాలు కాయ ఎక్కువున్న లాటయితే తరుగు ఇంకా పెరుగుతుంది.

రెండోది, నెలనెలా కదలకుండా ఉండే ఖర్చు. షెడ్డు కిరాయి, మనిషి జీతం, పరీక్షల ఖర్చు, వడ్డీ, మిషను తరుగుదల, ఇవేవీ 61లో లేవు.

మూడోది పెద్దది. 85 మీరు ప్యాకెట్ మీద అచ్చు వేసే ధర, మీ చేతికి వచ్చే ధర కాదు. అందులో 5 శాతం జీఎస్టీ ఉంది, దుకాణం వాళ్ల వాటా ఉంది. నెల ఖర్చులు ఎంత, నెలకు ఎన్ని కిలోలు అమ్మాలనుకుంటున్నారు, అవి చెప్పండి.

ఏనుమాముల_రైతు
చపాట ఇయ్యాల మార్కెట్ల ఎంత పలికిందో ఎవరన్న చెప్పున్రి. నా దగ్గర పది బస్తాలు ఉన్నయి, ఇప్పుడు అమ్మాల్నా కోల్డ్ స్టోరేజీల పెట్టాల్నా?

కిరాణం_కరీంనగర్
అన్నా, ఇది అమ్మేటోళ్ల ముచ్చట కాదు, ప్యాకెట్ ధర ముచ్చట. ఏ రోజు రేటు ఆ రోజు మార్కెట్ కమిటీ బోర్డు మీద ఉంటది.

అక్కా, దుకాణం వాటా గురించి నేను చెప్త. కొత్త పేరున్న కారం ప్యాకెట్‌కు 15 శాతం తక్కువైతే మా దగ్గర ఎవరూ ముందట పెట్టరు. కంపెనీ మాల్ తక్కువ మార్జిన్‌కు కూడ అమ్ముతం, ఎందుకంటే గిరాకీ అడిగి కొంటది. మీది మేం చెప్పి అమ్మాలె. సూపర్ మార్కెట్లయితే ఇంకెక్కువ అడుగుతయి, పైగా ఉద్దెర. అమ్ముడుపోని మాల్ వాపస్ తీసుకోవాలె. ఆ వాపస్ కూడ మీ ఖర్చే.

గీసుకొండ_కారం
కిరాయి 8,000, మనిషి జీతం 12,000, వడ్డీ 6,000 దాక, మిషన్ల తరుగుదల 3,000, పరీక్షలు గిట్ల 1,000. మొత్తం 30,000. నెలకు 600 కిలోలు అంటే 2,400 ప్యాకెట్లు అనుకున్నం. బస్తా తూచి చూసినం, మాకు కూడ 88కి దగ్గరే వచ్చింది. అయితే 85కు అమ్మితే ఎంత పోతది?

ఓరుగల్లు_డీపీఆర్
ఇప్పుడు లెక్క నిలబడుతుంది. ఆటో, హమాలీ, తొడిమల కూలి, కరెంటు కలిపి కిలో కారం 250కి వస్తుందనుకుంటే ప్యాకెట్‌కు 62.50. ప్యాకింగు 5.50. ఇక్కడికి 68. ప్రతి ప్యాకెట్‌కూ కచ్చితంగా అయ్యే ఖర్చు ఇది. 30,000ను 2,400తో భాగిస్తే 12.50. మొత్తం 80.50.

ఇక 85 సంగతి. జీఎస్టీ తీసేస్తే 80.95. దాంట్లో దుకాణానికి 15 శాతం పోతే మీకు వచ్చేది 68.80. అంటే ప్యాకెట్‌కు దాదాపు 12 రూపాయలు చేతి నుంచి వేసి అమ్ముతున్నట్టు. బ్యాంకు ఆఫీసరు ఇంత లెక్క వేసి ఉండకపోవచ్చు. కానీ మీ లాభనష్టాల పట్టికలో అమ్మకాల అంకె 2,400 గుణించు 85 అని ఉంటే, అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క అని చూడగానే తెలిసిపోతుంది. ఆధారం ఏదని అడిగింది అందుకే అయి ఉంటుంది.

ఇంకోటి, తెలంగాణలో సరుకులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. చాలా రాష్ట్రాల్లో 40 లక్షలుంది కాబట్టి అక్కడివాళ్లు రాసిన నమూనా రిపోర్టులు చూసి "మాకు జీఎస్టీ లేదు" అని రాయకండి. సరైన ధరకు నెలకు 2,400 ప్యాకెట్లంటే మీరు 20 దాటుతారు.

లెక్కల_మాస్టర్_పరకాల
సరే, తరుగు సంగతి ఒప్పుకుంటా. అయితే 80.50 మీద 20 శాతం వేస్తే 96.60. లాభం 20 శాతం అని రాసుకోవచ్చు కదా?

ఓరుగల్లు_డీపీఆర్
రాయకండి. 96.60 అమ్మకంలో లాభం 16.10, అంటే అమ్మకం మీద 16.7 శాతమే. బ్యాంకు చూసేది అమ్మకం మీద లాభం. ఖర్చు మీద శాతమా, అమ్మకం మీద శాతమా అన్నది ప్రతిచోటా మాటల్లో రాయాలి. లేకపోతే ధర పేజీలో 20, పట్టికలో 16.7 కనబడి, రెండింట్లో ఏది నిజమని మళ్లీ వాపస్ వస్తుంది.

ఖర్చు మీద శాతం పద్ధతికి అసలు బలహీనత ఇంకోచోట ఉంది. ఆ 12.50 అన్నది 2,400 ప్యాకెట్లు అమ్ముడుపోతేనే. సగమే పోతే 25 అవుతుంది, పూర్తి ఖర్చు 93కు పోతుంది. అప్పుడు ఖర్చు పెరిగింది కదా అని ధర పెంచితే గిరాకీ ఇంకా తగ్గుతుంది. ధర నిర్ణయించడానికి అమ్మకం తెలియాలి, అమ్మకం తెలియడానికి ధర తెలియాలి. ఈ పద్ధతి మీకు "ఇంతకన్నా కిందికి దిగొద్దు" అన్న గీత చెబుతుంది. జనం ఎంత ఇస్తారో చెప్పదు.

కొత్తవాడ_జంపఖానా
మాది కూడ ఇదే తిప్పలు. జంపఖానాకు నూలు ఖర్చు, నేత కూలి లెక్కగట్టి ధర పెడ్తం. బయటి నుంచి వచ్చే మిషన్ మాల్ సగం ధరకు ఉంటది. పోటీ ధర చూసి పెట్టాలంటే కూలి కూడ రాదు. మా రిపోర్టుల ఏ పద్ధతి రాయాలె?

ఓరుగల్లు_డీపీఆర్
మీది వేరే పోస్టుగా పెట్టుకుంటే మంచిది. ఒక్క మాట మాత్రం: మిషను మాల్‌ను పోటీ పట్టికలో పెడితే, అది మీ వస్తువుకు బదులుగా జనం నిజంగా కొనేదో కాదో ముందు తేల్చుకోండి. వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు 2018లోనే వచ్చింది. ఆ పేరు కోసమే వెతికే కొనుగోలుదారు వేరు, చవకగా నేల మీద పరుచుకోవడానికి కొనేవారు వేరు.

గీసుకొండ_కారం
పోటీ ధరలు కూడ చూసినం. హనుమకొండ, వరంగల్‌ల పన్నెండు దుకాణాల్ల కంపెనీ ప్యాకెట్లు 250 గ్రాములు 95 నుంచి 115 దాక ఉన్నయి. మరి నడుమ 105 అని పెడితే అయిపోదా?

ఓరుగల్లు_డీపీఆర్
అట్లా పెడితే "ఎందుకు నడుమ?" అని అడుగుతారు. పోటీ పట్టిక రాసేటప్పుడు మూడు సంగతులు చూడండి. ధరలన్నీ గ్రాముకు ఎంత అన్న లెక్కలోకి మార్చాలి, ఎందుకంటే కొన్ని ప్యాకెట్లు 200 గ్రాములుంటాయి. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాము ధర అచ్చు వేయాలి కాబట్టి అది సులువే. ఎమ్మార్పీ ఎంత, దుకాణంలో నిజంగా తీసుకున్నది ఎంత అన్నది వేరువేరు కాలమ్‌లలో రాయాలి. చూసిన తేదీ, దుకాణం ఉన్న వీధి రాసి, రెండుమూడు బిల్లులు జత చేయాలి.

దీనికన్నా ముఖ్యమైనది, మీ అసలు పోటీ కంపెనీ ప్యాకెట్ కాదేమో. మన దగ్గర చాలా ఇళ్లల్లో ఏడాదికి సరిపడా మిర్చి కొని, తొడిమలు తీసి, మిద్దె మీద ఎండబెట్టి గిర్నికి తీసుకుపోతారు. మీ ప్యాకెట్ ఆ పనికి బదులు. అక్కడి నుంచే విలువ లెక్క మొదలుపెట్టాలి.

చిల్లరగా చపాట కిలో 240కి దొరుకుతుందనుకోండి. అదే 12 శాతం తరుగు పోతే కిలో కారానికి 273. గిర్ని పట్టింపు 30 వేస్తే 303. అంటే 250 గ్రాములకు 76 దాకా. ఇది ఇంటామె ఇప్పుడు నిజంగా పెడుతున్న ఖర్చు. మీరు అడిగేది దీనికన్నా ఎంత ఎక్కువైతే, ఆ తేడాకు కారణం చూపించాలి. తొడిమలు తీసే శ్రమ, రెండు రోజుల ఎండ కాపలా, నెలకు సరిపడా మాత్రమే కొనుక్కునే వీలు, ఇవి మీవైపు. కళ్ల ముందర పట్టించుకున్నామన్న నమ్మకం మాత్రం గిర్నివైపే ఉంటుంది. దాన్ని దాచకుండా రాయండి. "కొత్త పేరు కాబట్టి కొంత తగ్గించాము" అని రాసిన రిపోర్టు మీద నమ్మకం పెరుగుతుంది.

కిరాణం_కరీంనగర్
చపాటకు రంగు ఎక్కువ, కారం తక్కువ. ఇది కూడ విలువే గదా. పచ్చళ్లు పెట్టేటోళ్లు రంగుకే కొంటరు.

ఓరుగల్లు_డీపీఆర్
నిజమే, కానీ వాళ్లది వేరే ధర, ఒకే పేజీలో కలపొద్దు. పచ్చళ్ల యూనిట్‌కు 250 గ్రాముల ప్యాకెట్ అక్కర్లేదు, సంచిలో కావాలి. అంటే మీకు ప్యాకింగు ఖర్చు తగ్గుతుంది. రంగును ఆస్టా అంకెలో ల్యాబు కొలిచి ఇస్తుంది. వాళ్లు ఇప్పుడు వాడే కారం, మీ కారం రెండూ ఒకే ల్యాబులో పరీక్ష చేయించి, అదే రంగుకు మీది ఎంత తక్కువ పడుతుందో చూపిస్తే ఆ ఆదాలో కొంత మీరు అడగొచ్చు. అయితే చపాటలో ఘాటు తక్కువ కాబట్టి వాళ్లు వేరే ఘాటు మిర్చి కలపాల్సి ఉంటుంది. ఆ కలిపే ఖర్చు తీసేయకుండా రంగు ఒక్కటే లెక్కగడితే పచ్చళ్లాయన నవ్వుతాడు.

పేరు విషయంలో కూడా జాగ్రత్త. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. "గుర్తింపు ఉన్న సరుకు కాబట్టి 20 శాతం ఎక్కువ" అని చాలామంది రాసేస్తున్నారు. ఆ గుర్తింపును లేబుల్ మీద వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అది లేకుండా ఆ కారణం రాస్తే, నమోదు పత్రం ఏదీ అని అడుగుతారు.

మాజీ_ఫీల్డాఫీసర్
డీపీఆర్ గారు చెప్పినవి బాగున్నాయి కానీ ఒక చోట ఒప్పుకోను. విలువ లెక్క ముందు పెడితే బ్యాంకులో చదివేవారికి అది కథలా ఉంటుంది. శ్రమకు ఇంత, నమ్మకానికి ఇంత అన్న అంకెలు ఎవరు ఒప్పుకుంటారు? ఖర్చు ముందు, పోటీ తరువాత, విలువ చివర ఒక పేరా. అదీ మీ దగ్గర ఆర్డరు కాగితం ఉంటేనే.

ఓరుగల్లు_డీపీఆర్
వరుస మీరన్నట్టే ఉండనివ్వండి సార్. కానీ 76 దగ్గర మొదలైన లెక్క లేకపోతే, కంపెనీ ప్యాకెట్ కొనే అలవాటే లేని ఇల్లు మీది ఎందుకు కొంటుందో ఆ రిపోర్టులో ఎక్కడా ఉండదు. శ్రమకు అంకె ఊహించి వేయొద్దు, అమ్మి చూడాలి.

అక్కా, "ఎంతకైతే కొంటారు?" అని అడగకండి, అందరూ తక్కువే చెప్తారు. ఒకే ప్యాకెట్‌ను ఒక వాడలో ముప్పై ఇళ్లకు 99కి, దూరంగా ఉన్న ఇంకో వాడలో ముప్పై ఇళ్లకు 115కి చూపించండి. ఎందరు కొన్నారో రాసుకోండి, నెల తరువాత మళ్లీ ఎందరు అడిగారో అది కూడా. నేరుగా అమ్మినప్పుడు జీఎస్టీ, 68 ఖర్చు పోను 99లో 26 రూపాయలు, 115లో 41 రూపాయల పైన మిగులుతాయి. కాబట్టి 99కి పందొమ్మిది ఇళ్లు కొంటే, 115కి పన్నెండు ఇళ్లు కొన్నా డబ్బు సమానమే. పద్నాలుగు, పదిహేను దాటితే ఎక్కువ ధరవైపు మొగ్గొచ్చు. ఒకటి రెండు ఇళ్ల తేడాను పట్టించుకోవద్దు. ముప్పై ఇళ్లు చిన్న లెక్క.

గీసుకొండ_కారం
చేసి చూస్తం. మా సంఘంల ఆడోళ్లతోనే తిప్పిస్త. ఈలోపల 110 అనుకుంటే పేజీ ఎట్ల రాయాలె, నమూన ఇవ్వరాదున్రి?

ఓరుగల్లు_డీపీఆర్
ఇదిగో, అంకెలు మీవి పెట్టుకోండి.

"250 గ్రాముల ప్యాకెట్ ఎమ్మార్పీ రూ. 110. నెలకు 2,400 ప్యాకెట్ల అమ్మకం వద్ద పూర్తి ఖర్చు రూ. 80.50. పట్టింపు తరుగును 100 కిలోల మిర్చికి 88 కిలోల కారంగా తూకం వేసి తీసుకున్నాము. ఎమ్మార్పీ నుంచి జీఎస్టీ, దుకాణం వాటా 15 శాతం పోగా మాకు రూ. 89.05 వస్తుంది. నేరుగా అమ్మితే రూ. 104.76 వస్తుంది. పన్నెండు దుకాణాల్లో కంపెనీ ప్యాకెట్లు రూ. 95 నుంచి 115 మధ్య ఉన్నాయి. ఇంట్లో మిర్చి కొని పట్టించుకుంటే అదే తూకానికి రూ. 76 పడుతుంది. ఖర్చు మీద నిర్ణీత శాతం వేసే పద్ధతిని ధరకు కింది హద్దుగా మాత్రమే వాడాము, ఎందుకంటే అది గిరాకీని చూడదు. కంపెనీ ధరల కన్నా తగ్గించి పోటీ పడలేదు. రూ. 95కి అమ్మితే దుకాణం ద్వారా వచ్చేది రూ. 76.90 మాత్రమే, అది ఖర్చు కన్నా తక్కువ. అందువల్ల శ్రమ తగ్గడానికి కొనుగోలుదారు ఇచ్చే విలువ ఆధారంగా, పోటీ ధరల పరిధిలోనే ఉండేట్టు రూ. 110 ఎంచుకున్నాము. అమ్మి చూసిన ఫలితం జతచేశాము."

చూడండి, ఎంచుకున్న పద్ధతితోపాటు వద్దన్న రెండు పద్ధతులను ఎందుకు వద్దన్నారో కూడా అంకెతో ఉంది. "నాణ్యతకు తగ్గ ధర" అన్న లైను తీసేయండి, అది దేనికైనా అతుకుతుంది.

కింద ఒక పేరా మిర్చి రేటు మీద ఉండాలి. మిర్చి 200 నుంచి 240కి పోతే తరుగు వల్ల ప్యాకెట్‌కు 10 కాదు, 11.36 పెరుగుతుంది. 110 ఎమ్మార్పీలో దుకాణం అమ్మకం మీద మిగిలే 8.55 మొత్తం పోయి నష్టం మొదలవుతుంది. కాబట్టి ఒక్కరోజు రేటు రాయకండి. ఏనుమాములలో చపాట ఎక్కువగా పలికిన రేటును గత మూడు సీజన్లకు తీసి సగటు రాయండి. ఎంత పెరిగితే ఎమ్మార్పీ మారుస్తారో, అచ్చయిన పాత కవర్లను ఏం చేస్తారో కూడా చెప్పండి.

మాజీ_ఫీల్డాఫీసర్
ఈ నమూనా పనికొస్తుంది. రెండు మార్పులు. నేరు అమ్మకం ఎంత శాతం అనుకుంటున్నారో రాయలేదు. మీరు 40 అంటే నేనైతే 20కి తగ్గిస్తాను, కొత్త యూనిట్ ఇంటింటికీ అంత అమ్మలేదు. రెండోది, మొదటి ఏడాది 2,400 ఎవరూ ఒప్పుకోరు, 60 శాతం పట్టుకుంటారు. అంటే 1,440 ప్యాకెట్లు. నేరు అమ్మకం 20 శాతమైతే సగటున ప్యాకెట్‌కు 24 రూపాయల పైన మిగులుతుంది, 30,000 పోగా నెలకు 4,800 దాకా. తరుగుదల 3,000 చేతి నుంచి పోయేది కాదు కాబట్టి కలపండి, 7,800. మీ అసలు కిస్తీ ఎంత?

గీసుకొండ_కారం
9,500 సార్.

మాజీ_ఫీల్డాఫీసర్
మరి చాలదు. ధర పేజీ ఎంత బాగా రాసినా ఈ పట్టిక దగ్గర ఆగిపోతుంది. కిస్తీ మొదలుకావడానికి గడువు అడగండి, లేదా కాలం పెంచమనండి.

కిరాణం_కరీంనగర్
లేకుంటే 100 గ్రాముల చిన్న ప్యాకెట్ 48కి పెట్టున్రి. గ్రాముకు ఎక్కువ వస్తది, కొత్త మాల్ జనం చిన్నదే ముందు కొంటరు.

ఓరుగల్లు_డీపీఆర్
అది పనిచేయొచ్చు. 250ది గ్రాముకు 44 పైసలు, 100ది 48 పైసలు అవుతుంది, ఆ తేడా ప్యాకెట్ మీద కనబడుతుంది కూడా. కానీ కవరు ఖర్చు చిన్న ప్యాకెట్‌కు సగానికి తగ్గదు. 100 గ్రాముల కవరు, లేబులు మీకు ఎంతకు పడుతుందో కొటేషన్ తెప్పించి ఇక్కడ పెట్టండి, అప్పుడు చూద్దాం. గడువు విషయంలో సార్‌తో ఏకీభవిస్తాను, ధర పెంచి ఆ లోటు పూడ్చాలని మాత్రం చూడకండి.

లెక్కల_మాస్టర్_పరకాల
ఎందుకు చూడొద్దు? 115కి వాడలో జనం కొంటే 110 దగ్గరే ఎందుకు ఆగాలి?

గీసుకొండ_కారం
ముందుగాల రెండు వాడల్ల తిప్పి వస్తం. అంకెలు వచ్చినంక మాట్లాడుదం.